నేలపట్టు గూళ్ళు, గట్టు మీది కూలి

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువును 1976లో ప్రభుత్వం పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. అంతకు ముందునుంచే ఆ చుట్టుపట్ల రైతులు ఈ పక్షుల జోలికి పోయేవారు కాదు. దానికి కారణం భక్తి ఒక్కటే కాదు. నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులూ, నత్తగొట్టు కొంగలూ వందలాదిగా గూళ్ళు కడతాయి. వాటి రెట్ట చెరువులో కలుస్తుంది. ఆ నీరు పారిన మడికి ఎరువు ఖర్చు తగ్గుతుంది. పక్షికీ పొలానికీ నడుమ ఉన్న పాత లెక్క ఇది.

ఇప్పుడు దానిపైన ఎకో టూరిజం అనే కొత్త లెక్క వచ్చి కూచుంది. ఊరికి పని దొరుకుతుంది, పక్షికి నష్టం లేదు అంటున్నారు. ఈ రెండు మాటలనూ విడివిడిగా చూద్దాం.

ముందు పక్షి సంగతి. గూడబాతు గుడ్లు పొదగటానికి దాదాపు నెల పడుతుంది. పుట్టిన పిల్లకు ఒంటిమీద ఈక ఉండదు, ఎండకు తట్టుకోలేదు. తల్లో తండ్రో మీద నిలబడి నీడ పట్టాలి. పిల్ల ఎగరటానికి ఇంకా మూడు నాలుగు నెలలు కావాలి. నవంబరులో కట్టిన గూడు మార్చి దాకా కదలరానిదన్నమాట. జనం ఎక్కువగా వచ్చే జనవరి సరిగ్గా దీని మధ్యలో పడుతుంది.

గట్టు మీద నుంచి చూసేవాడు మౌనంగా ఉన్నంతసేపు పెద్ద ఇబ్బంది లేదు. ఎవడో కేక వేస్తాడు, ఫొటో కోసం నీళ్ళలోకి దిగుతాడు. మొదట పక్షులు మెడ నిక్కిస్తాయి. తర్వాత గూటిలో లేచి నిలబడతాయి, రెక్కలు సగం విప్పుతాయి. ఒకటి లేస్తే పక్కవి కూడా లేస్తాయి. గూళ్ళు ఖాళీ అయిన ఆ కాసేపట్లో కాకి గుడ్డు పొడుస్తుంది, గద్ద పిల్లను తన్నుకుపోతుంది, మిగిలింది ఎండకు వాడుతుంది. బెదిరి కింద పడ్డ పిల్లకు తల్లి వచ్చి మేత పెట్టదు. చూడవచ్చినవాళ్ళు మాత్రం 'ఎంత బాగా ఎగిరాయి!' అనుకుంటూ కారెక్కుతారు. కాబట్టి హద్దు ఎన్ని గజాలని బోర్డు మీద రాస్తే చాలదు. మెడలు నిక్కిన చోటే ఆగి వెనక్కి తిరగాలి. ఆ చూపు అక్కడే పుట్టి పెరిగిన కూలి మనిషికి ఉంటుంది, పట్నంనుంచి జనాన్ని తెచ్చే ఏజెంటుకు ఉండదు.

ఇక కూలి సంగతి. 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. నేలపట్టుకూ, దగ్గర్లోని పులికాట్ సరస్సుకూ జనం వస్తారు. ఆ జనంలో ఒక కుటుంబాన్ని తీసుకోండి. పెట్రోలు దారిలో పోయించుకుంటుంది, భోజనం సూళ్ళూరుపేటలో, పడక నెల్లూరులోనో మద్రాసులోనో. ఊరికి దక్కేది టీ డబ్బులు, ఒకరిద్దరికి కాపలా కూలి. అదీ కొద్ది వారాలే.

ఇంతకన్నా గట్టి చిక్కు మరొకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఈ చెరువు నిండేది అక్టోబరు, డిసెంబరు మధ్య కురిసే ఈశాన్య రుతుపవనాల వానతో. ఆ వాన తప్పితే చెట్ల కింద నీరుండదు, పక్షులు సరిగా గూళ్ళు కట్టవు, చూసేవాళ్ళు రారు. అదే ఏడు నాట్లూ ఉండవు, కలుపులూ ఉండవు. కరువులో ఆదుకుంటుందన్న టూరిజం కూలి పొలం కూలితో కలిసే ఎండిపోతుంది. దీన్ని నమ్మి చేతిలో పని వదులుకోమని ఏ కూలికీ మనం చెప్పలేం. సీజనుతో ముడిపెట్టకుండా కాపలాకూ, గైడు పనికీ పన్నెండు నెలల జీతం ఇస్తే అది వేరే మాట.

కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో ఇళ్ళ పక్క చింతచెట్ల మీదే గూడబాతులు గూళ్ళు కడతాయి. గూడున్న చెట్టు కాయ కోసుకోకుండా ఉన్నందుకు అటవీశాఖ అక్కడ చెట్టు యజమానికి పరిహారం ఇస్తూ వచ్చింది. కింద పడ్డ పిల్లల్ని ఊరివాళ్ళే దొడ్డిలో ఉంచి పెంచారు. 2007లో ఆ ఊరు కమ్యూనిటీ రిజర్వు అయింది. ఇందులో మంచి ఉంది. కానీ పరిహారం చెట్టున్నవాడికి. చెట్టు లేనివాడు ఏం కావాలి?

నేలపట్టులో ఈ ప్రశ్న నీళ్ళ రూపంలో వస్తుంది. చెట్ల చుట్టూ నీరున్నంత కాలమే నక్కలూ కుక్కలూ గూళ్ళ దగ్గరికి చేరలేవు. నీరు దించేస్తే పిల్లలు ఎగరకముందే నేల తేలుతుంది. నీరు ఆపితే కింద వరి ఎండుతుంది. పక్షుల కోసం మార్చి దాకా నీరు నిలపాలంటే, తడి తగ్గిన కౌలురైతుకూ, కోత పోయిన కూలికీ ఎంత ఇస్తారో తూము మూసే ముందే రాసివ్వాలి. ప్రవేశ టికెట్ డబ్బులోంచి మొదట తీయవలసిన పద్దు అదే.