మెయిల్‌లో ‘ఎస్’ అంటే సరిపోతుందా?

ఒక ఉద్యోగి కొత్త ల్యాప్‌టాప్ కావాలని రిక్వెస్ట్ పెట్టాడనుకుందాం. ధర 84,000 రూపాయలు. మేనేజరు ప్రయాణంలో ఉన్నారు, కంపెనీ పోర్టల్‌లోకి లాగిన్ అయ్యే వీలు లేదు. ఫోన్‌కి వచ్చిన మెయిల్‌కి YES అని రిప్లై ఇచ్చారు. కాసేపట్లో ఆర్డరు వెళ్లిపోయింది. ఆ రిప్లైని చదివింది మనిషి కాదు, ఒక ప్రోగ్రామ్. కాబట్టి అది దేన్ని ఎలా చదువుతుందో తెలుసుకోవాలి.

మేనేజరు పంపిన రిప్లై ఆ ప్రోగ్రామ్‌కి ఇలా చేరుతుంది:

```
YES
ఈ నెలలోనే తెప్పించండి.

> To approve, reply YES.
> To reject, reply NO.
```

కింది రెండు లైన్లు మేనేజరు రాసినవి కావు. పాత మెయిల్ రిప్లైకి అతుక్కుని వచ్చింది. ప్రోగ్రామ్ మెయిల్ మొత్తం వెతికితే YES, NO రెండూ దొరుకుతాయి. ఆ అక్షరాలు మాత్రమే చూస్తే ఇంకా ప్రమాదం: know అనే మాటలో no ఉంది, yesterday లో yes ఉంది. No problem, go ahead అని రాసిన మేనేజరు ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?

అందుకే సేల్స్‌ఫోర్స్ వంటి వ్యవస్థల్లో నియమం కటువుగా ఉంటుంది. నిర్ణయం కోసం మొదటి లైన్ మాత్రమే చూస్తారు. అందులో approve, yes, reject, no వంటి ముందే ఒప్పుకున్న మాటల్లో ఒకటి ఉండాలి. వ్యాఖ్య ఏదైనా ఉంటే రెండో లైన్‌లో రాయాలి. మొదటి లైన్ ఆ జాబితాకు సరిపోకపోతే ప్రోగ్రామ్ ఊహించదు. అర్థం కాలేదని తిరుగు మెయిల్ పంపుతుంది, రిక్వెస్ట్ పెండింగ్‌లోనే ఉంటుంది. ‘సరే, కానీ 70,000 దాటకూడదు’ అన్న జవాబుకి కూడా ఇదే న్యాయం. షరతుతో కూడిన ఒప్పుకోలును అవునుగా లెక్కేస్తే డబ్బు పోతుంది. కాదుగా లెక్కేస్తే పని ఆగుతుంది. మళ్లీ అడగడమే క్షేమం.

మాట అర్థమైంది. ఇక ఆ మాట అన్నది ఎవరు? మెయిల్‌లో కనిపించే పంపినవారి చిరునామా, కవరు మీద రాసే ‘ఫ్రమ్’ అడ్రస్ లాంటిదే. ఎవరైనా ఎవరి పేరైనా రాయొచ్చు. 1982 నాటి మెయిల్ నియమాల్లో దాన్ని సరిచూసే ఏర్పాటు లేదు. ఆ లోటు పూడ్చడానికి తర్వాత ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు వచ్చాయి. మెయిల్ ఆ కంపెనీ అనుమతించిన సర్వర్ నుంచే వచ్చిందా, దాని మీద కంపెనీ డిజిటల్ సంతకం సరిగ్గా ఉందా, ఆ వివరాలు కనిపించే చిరునామాతో కలుస్తున్నాయా అని ఇవి చూస్తాయి. వీటిలో తప్పిన రిప్లైని అనుమతిగా తీసుకోకూడదు.

పంపింది మేనేజరే అయినా, ఏ రిక్వెస్ట్‌కి జవాబిచ్చారో తేలాలి. జాగ్రత్తగా కట్టిన వ్యవస్థలో ప్రతి రిక్వెస్ట్‌కీ ఊహించడానికి వీల్లేని కోడ్ ఒకటి తయారవుతుంది. రిప్లై వెళ్లే చిరునామాలోనే అది దాగి ఉంటుంది:

```
approvals+k7Qm2x9dTz4w@example.com
```

ఆ కోడ్ ఒక రిక్వెస్ట్‌కి, ఒక మేనేజరుకి కట్టుబడి ఉంటుంది. మేనేజరు ఆ మెయిల్‌ని కింది ఉద్యోగికి ఫార్వర్డ్ చేస్తే, అతనికి కోడ్ దొరుకుతుంది గానీ అతని రిప్లై చెల్లదు, ఎందుకంటే చిరునామా కలవదు. ఒకసారి నిర్ణయం నమోదయ్యాక కోడ్ చచ్చిపోతుంది. మెయిల్ సర్వర్ పొరపాటున అదే YES ని రెండుసార్లు అందించినా రెండో ల్యాప్‌టాప్ రాదు.

సెలవులో ఉన్నవారి తరఫున వెళ్లే ఆటోమేటిక్ రిప్లైల సంగతి వేరు. అవి నిజమైన చిరునామా నుంచి, సరైన కోడ్‌తో వస్తాయి. పద్ధతి పాటించే సర్వర్లు వాటి మీద Auto-Submitted అనే గుర్తు పెడతాయి. అది auto-replied అని చెబితే ప్రోగ్రామ్ ఆ మెయిల్‌ని పక్కన పెట్టాలి. దానికి తిరుగు మెయిల్ కూడా పంపకూడదు. పంపితే రెండు యంత్రాలు ఒకదానికొకటి జవాబులిచ్చుకుంటూ కూర్చుంటాయి.

ఇన్ని తనిఖీలు పెట్టినా ఒక లోటు మిగులుతుంది. మేనేజరు మెయిల్ అకౌంట్ వేరొకరి చేతిలో పడితే అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. అందుకే పెద్ద మొత్తాలకు, బ్యాంకు వివరాల మార్పులకు, ఉద్యోగుల జీతాలకు మెయిల్ రిప్లై చాలదు. పోర్టల్‌లో లాగిన్ అయి, ఓటీపీ ఇచ్చి ఒప్పుకోవాల్సిందే. నమోదైన ప్రతి నిర్ణయానికీ మేనేజరుకి ధ్రువీకరణ మెయిల్ వెళ్లాలి.

మీరు అనుమతులిచ్చే స్థానంలో ఉంటే మొదటి లైన్‌లో ఒక్క మాటే రాయండి. షరతులుంటే రిప్లై ఇవ్వకుండా పోర్టల్‌లో రాయండి. మీరు ఒప్పుకోని దానికి ధ్రువీకరణ వస్తే, ఆ మెయిల్‌కి జవాబివ్వకుండా వెంటనే ఐటీ విభాగానికి ఫోన్ చేయండి.