కొలత అనిశ్చితి, అనుమత మొత్తం దోషం

'''కొలత అనిశ్చితి''' అనగా పరీక్ష ఫలితానికి ఇరువైపులా అసలు విలువ ఉండగల పరిధి. దీనిని ప్రయోగశాలే లెక్కిస్తుంది. '''అనుమత మొత్తం దోషం''' అనగా సహించదగిన తేడాకు ముందుగా నిర్ణయించిన గరిష్ఠ హద్దు. బాహ్య నాణ్యతా పరీక్షలలో గ్లూకోజుకు అమెరికా క్లియా నిబంధనల హద్దు 2025 నుండి 8 శాతం లేదా 6 మి.గ్రా./డె.లీ., ఏది ఎక్కువైతే అది. అంతకుముందు శాతపు హద్దు 10.

== ఉదాహరణ ==
ఒక ప్రయోగశాలలో గ్లూకోజు ఎల్లప్పుడూ 2 శాతం ఎక్కువ వస్తోందని (దీనిని బయాస్ అంటారు), ఒకే నియంత్రణ నమూనాను నెలల తరబడి కొలవగా విచలన గుణకం 2.4 శాతమని అనుకుందాం.

మొత్తం దోషం = 2 + (1.65 × 2.4) = 5.96 శాతం

బయాస్ ఒకవైపుకే నెడుతుంది కనుక ఆ వైపు దాటే 5 శాతం ఫలితాలనే వదిలివేస్తూ 1.65 వాడతారు. 5.96 అనేది 8 కంటే తక్కువ, పరీక్ష ఆమోదయోగ్యమే.

అనిశ్చితి లెక్కలో తెలిసిన బయాస్‌ను ముందే సరిదిద్దాలి. కాలిబ్రేటర్ విలువలోని అనిశ్చితి 1 శాతమైతే, వర్గాల మొత్తానికి వర్గమూలం √(2.4² + 1²) = 2.6 శాతం. సుమారు 95 శాతం నమ్మకానికి రెట్టింపు చేస్తే 5.2 శాతం. మధుమేహ నిర్ధారణకు పరగడుపు హద్దయిన 126 వద్ద ఇది ±6.6, అంటే అసలు విలువ సుమారు 119 నుండి 133 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. హద్దులో నెగ్గిన పరీక్ష కూడా ఈ రోగి విషయంలో తేల్చి చెప్పలేదు. లక్షణాలు లేనివారికి రెండవ పరీక్ష కోరడానికి ఇదొక కారణం (రోజురోజుకూ శరీరంలో వచ్చే మార్పు దీనికి అదనం).

== పరిమితి ==
కొత్త రసాయనాల లాట్‌తో బయాస్ 4.5 శాతానికి పెరిగితే మొత్తం దోషం 8.46 అయి హద్దు దాటుతుంది. విచలన గుణకం మాత్రం మారకపోవచ్చు, కాబట్టి పాత అనిశ్చితి అంకె ఈ మార్పును చూపదు. అవే రోగుల నమూనాలను పాత, కొత్త లాట్లతో పక్కపక్కన కొలిస్తే తేడా బయటపడుతుంది.