సరుకు ఆలస్యమైతే పరిహారం ఎంత? చీటీలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే

అమ్మకపు ఒప్పందాలలో “గడువు దాటిన ప్రతి రోజుకు క్వింటాలుకు ఇంత చొప్పున అమ్మకందారు చెల్లించాలి” అనే షరతు మామూలైపోయింది. సరుకు ఆలస్యమైన వెంటనే కొనుగోలుదారు రోజులు లెక్కకట్టి, ఆ మొత్తాన్ని బిల్లులో కోసుకొని మిగిలినది పంపిస్తాడు. చీటీ మీద సంతకం ఉన్నది కనుక మాట్లాడే దారి లేదని అమ్మకందారు ఊరుకుంటాడు. ఇద్దరి లెక్కా పూర్తిగా సరి కాదు. మన దేశంలో కోర్టులు ఆ అంకెను ఇచ్చి తీరవలసిన మొత్తంగా చూడవు. అంతకు మించి ఇవ్వరాదనే హద్దుగా చూస్తాయి.

ఇంగ్లండులో ఈ విషయమై పాతకాలం నుంచి 2015 దాకా ఒక తేడా పాటించారు. రాగల నష్టాన్ని ముందుగా నిజాయితీగా అంచనా వేసి రాసుకున్న మొత్తం చెల్లేది, ఎదుటివాడిని బెదిరించేందుకు రాసిన జరిమానా చెల్లేది కాదు. ఏది అంచనా, ఏది జరిమానా అన్న వాదనకు అంతు లేకుండా పోయింది. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఈ చిక్కును చాలావరకు తప్పించింది. షరతుకు ఏ పేరు పెట్టినా, మాట తప్పినవాడి నుంచి రెండవ పక్షానికి “సమంజసమైన పరిహారం” లభిస్తుంది. అది చీటీలో రాసిన మొత్తాన్ని మించరాదు. 1963లో ఫతే చంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని వివరించింది.

వాస్తవంగా నష్టం రుజువైనా కాకపోయినా పరిహారం పొందవచ్చునని ఆ సెక్షన్‌లో ఒక మాట ఉన్నది. ఈ మాటను పట్టుకొని, నష్టమే లేకపోయినా డబ్బు వస్తుందని చాలామంది అనుకుంటారు. దీనికి సమాధానం 1969లో మౌలాబక్ష్ కేసులో వచ్చింది. 1947లో సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేసేందుకు ఒప్పుకున్న కాంట్రాక్టరు సరుకు సక్రమంగా ఇవ్వలేకపోయాడు. ప్రభుత్వం ఒప్పందాలు రద్దు చేసి, ధరావతుగా ఉన్న 10,000 రూపాయలు, 8,500 రూపాయలు జప్తు చేసుకున్నది. సుప్రీంకోర్టు ఆ జప్తును అంగీకరించలేదు. లోటుపడిన సరుకును బయట ఏ ధరకు కొన్నదీ ప్రభుత్వం చూపగలిగి ఉండి కూడా చూపలేదని, లెక్కకు అందే నష్టాన్ని రుజువు చేయవలసిందేనని చెప్పింది. రుజువు అక్కరలేదన్న మాట నష్టాన్ని లెక్కకట్టడం కష్టమైన చోట ఉపయోగపడుతుంది. నష్టమే జరగని చోట పనికిరాదు. 2015లో కైలాస్‌నాథ్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది.

యార్డులో రోజూ ధర పలికే సరుకులకు నష్టం సులువుగా లెక్కకు వస్తుంది. అందుచేత వర్తకుల వ్యవహారాలలో ఎక్కువ భాగం రుజువు అవసరమైన కోవలోకే వస్తాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడ వర్తకుడొకరు గుంటూరులో 100 క్వింటాళ్ల మిర్చి క్వింటాలు 15,000 రూపాయలకు కొన్నాడు. డెలివరీ గుంటూరులో, గడువు మార్చి 10. ఆలస్యమైతే రోజుకు క్వింటాలుకు 100 రూపాయల పరిహారం. సరుకు మార్చి 22న అందింది. 12 రోజులకు షరతు ప్రకారం 1,20,000 రూపాయలవుతుంది.

కోర్టు ఈ లెక్కతో ఆగదు. గడువు రోజున గుంటూరు ధర ఎంత, సరుకు చేతికి వచ్చిన రోజున ఎంత అని అడుగుతుంది. 10వ తేదీన 15,600, 22వ తేదీన 15,200 పలికిందనుకుందాం. సరుకు సకాలంలో వచ్చి ఉంటే కొనుగోలుదారు చేతిలో క్వింటాలుకు 400 రూపాయల ఎక్కువ విలువ ఉండేది. ఆ లెక్కన నష్టం 40,000. 10వ తేదీన పంపిన లారీ ఖాళీగా తిరిగి వచ్చిన బాడుగ 6,000 రూపాయలకు రసీదు ఉంటే మొత్తం 46,000 అవుతుంది. 1,20,000 కోసుకున్నప్పటికీ, అమ్మకందారు దావాకు వెళితే మిగిలిన 74,000 తిరిగి రాబట్టుకునే అవకాశం ఉన్నది. ధర పడిపోకుండా 16,100కు పెరిగి ఉంటే మార్కెట్ నష్టం అనేదే లేదు, బాడుగ ఒక్కటే మిగులుతుంది. అలాగే నష్టం 2,00,000 అయినా, ఆ షరతు కింద 1,20,000కు మించి రాదు. తక్కువ రేటు రాసుకున్న కొనుగోలుదారును ఆ రేటే కట్టిపడేస్తుంది.

సరుకు అసలే రాకపోతే లెక్క మారుతుంది. అప్పుడు ఒప్పందపు ధరకు, గడువు రోజు ధరకు ఉన్న తేడా, అంటే క్వింటాలుకు 600 చొప్పున 60,000, నష్టమవుతుంది. ఏప్రిల్ దాకా చేతులు ముడుచుకు కూర్చుని, ధర 17,000 అయిన తర్వాత 2,000 తేడా అడిగితే చెల్లదు. నష్టాన్ని తగ్గించుకునేందుకు తనవంతు ప్రయత్నం చేయవలసిన బాధ్యత కొనుగోలుదారుదే.

ధర ఏ ఊరిదన్నది కూడా ముఖ్యం. 1961 నాటి మురళీధర్ చిరంజీలాల్ కేసులో కాన్వాసు గుడ్డను గజం రూపాయి చొప్పున, కాన్పూరులో రైల్వే రసీదుపై డెలివరీ ఇచ్చేలా అమ్మారు. కాన్పూరు నుంచి కలకత్తాకు రైల్వే బుకింగు నిలిచిపోవడంతో సరుకు కదలలేదు. కొనుగోలుదారు కలకత్తా ధరలు చూపించి నష్టం అడిగాడు. డెలివరీ కాన్పూరులో కనుక కాన్పూరు ధరే కొలమానమని, దానికి సాక్ష్యం లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మాట తప్పింది అమ్మకందారే అయినా కొనుగోలుదారుకు పరిహారం దక్కలేదు. పై ఉదాహరణలోనూ విజయవాడ ధర కాక గుంటూరు ధరే కావాలి.

కొనుగోలుదార్లు తరచుగా దెబ్బతినే చోటు మరొకటి ఉన్నది. గడువు ముఖ్యమైన ఒప్పందంలో ఆలస్యంగా వచ్చిన సరుకును మారు మాట్లాడకుండా దింపుకుంటే, ఆలస్యపు నష్టం అడిగే హక్కు పోతుందని 55వ సెక్షన్ చెబుతున్నది. సరుకు తీసుకునే సమయంలోనే, పరిహారం అడుగుతామని అమ్మకందారుకు తెలియజేయాలి. నెల తిరిగాక బిల్లులో కోత పెట్టడం ఆ నోటీసుకు బదులు కాదు.

2003లో తీర్పు వచ్చిన ఓఎన్‌జీసీ, సా పైప్స్ కేసులో ఈ జాగ్రత్త కనిపిస్తుంది. 1996లో ఐరోపా ఉక్కు కార్మికుల సమ్మె వల్ల ముడిసరుకు అందక గొట్టాల సరఫరా ఆలస్యమైంది. ఓఎన్‌జీసీ గడువు పొడిగిస్తూనే, ఆలస్యానికి పరిహారం వసూలు చేస్తామని స్పష్టంగా రాసింది. ఆ సొమ్ము నష్టానికి నిజమైన ముందస్తు అంచనా అని ఒప్పందంలోనే ఉన్నది. సముద్రంలో తవ్వకం పని ఆగితే నష్టం ఇంత అని తేల్చడం కష్టం కనుక, విడిగా రుజువు చూపకపోయినా కోత చెల్లుతుందని సుప్రీంకోర్టు అన్నది. మిర్చి, పసుపు, నూనెల వర్తకులకు ఈ తీర్పు అంతగా అక్కరకు రాదు. వారి నష్టానికి యార్డు ధరే కొలత.

కనుక వివాదం వచ్చినప్పుడు నిలబడేవి మూడు కాగితాలు. గడువు రోజున డెలివరీ ఊళ్లో పలికిన ధరకు యార్డు చీటీ, సరుకు చేరిన రోజు ధర చీటీ, సరుకు దింపుకునేటప్పుడు ఇచ్చిన నోటీసు నకలు. మొదటి రెండూ అమ్మకందారు దగ్గర కూడా ఉండవలసినవే. కోత ఎక్కువైందని చూపేందుకు అతనికి ఆధారమయ్యేవి అవే.