రాత్రి డ్యూటీ సిస్టర్ ముందు ఏ బెడ్ దగ్గరికి వెళ్లాలి?

"బెడ్ నంబర్ టూ, హెర్నియా ఆపరేషన్, మూడో రోజు, రేపు డిశ్చార్జి. రూమ్ మారుస్తామన్నారని వాళ్ల అబ్బాయి గొడవ చేస్తున్నాడు సిస్టర్. బెడ్ నంబర్ ఫోర్, షుగర్ పేషెంట్, కాలికి డ్రెస్సింగ్ అయింది, రాత్రి ఇన్సులిన్ ఇచ్చేశాను. బెడ్ నంబర్ సెవెన్, హిస్టరెక్టమీ, మొదటి రోజు, ఫ్లూయిడ్స్ నడుస్తున్నాయి, యూరిన్ నూటపది, వైటల్స్ స్టేబుల్, డాక్టరు గారు చూశారు."

రాత్రి ఎనిమిది గంటలకు సాయంత్రం డ్యూటీ నర్సింగ్ విద్యార్థిని, రాత్రి డ్యూటీ సిస్టర్‌కు ఇలా ఓవర్ ఇచ్చింది. ఇది పాఠం కోసం కూర్చిన కేసు. అయినా వార్డుల్లో తిరిగినవాళ్లకు ఈ ధోరణి కొత్తగా అనిపించదు. వినడానికి అంతా సవ్యంగానే ఉంది. రోగి, జబ్బు, ఎన్నో రోజు, ఏం మందు వేశారు, అన్నీ వచ్చాయి. పక్కన మార్కుల షీటు పట్టుకుని నిలబడ్డ ఇన్‌చార్జి సిస్టర్ ఈ అమ్మాయికి ఎన్ని వేయాలి?

మార్కులు వేసే మనిషి చేయాల్సిన మొదటి పని విద్యార్థిని నోరు తెరవకముందే అయిపోవాలి. తానే వెళ్లి కేస్ షీట్లు చదవాలి, రోగులను చూడాలి, బెడ్ కింద వేలాడే యూరిన్ బ్యాగులో ఎంత చేరిందో కళ్లారా చూడాలి. లేకపోతే చెప్పిన తీరుకు మార్కులు పడతాయి తప్ప, చెప్పిన విషయానికి పడవు. గలగలా మాట్లాడే పిల్లకు ఎక్కువ, తడబడే పిల్లకు తక్కువ వస్తాయి.

ముందే చూసి వచ్చిన ఇన్‌చార్జి దగ్గర ఏడో బెడ్ గురించి ఈ లెక్కలున్నాయి. రోగి బరువు 60 కిలోలు. పెద్దవాళ్లకు గంటకు కిలోకు అర మిల్లీలీటరు చొప్పున మూత్రం రావాలన్నది వార్డుల్లో వాడే కనీస కొలత. అంటే ఆమెకు గంటకు 30, రెండింటి నుంచి ఎనిమిది వరకు 180 మిల్లీలీటర్లు. వచ్చింది 110. మధ్యాహ్నం రెండింటికి పల్స్ 88, పై బీపీ 124, శ్వాస నిమిషానికి 18. ఏడున్నరకు పల్స్ 112, బీపీ 108, శ్వాస 22. కెథెటర్ గొట్టం మెలిపడినా మూత్రం తగ్గొచ్చు. కానీ దానితోపాటు పల్స్, శ్వాస పెరిగి, బీపీ దిగుతుంటే లోపల రక్తస్రావం జరుగుతోందేమోనని అనుమానించాల్సిందే. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన న్యూస్2 పట్టిక ప్రకారం ఈ పల్స్‌కు 2, బీపీకి 1, శ్వాసకు 2 పాయింట్లు, మొత్తం 5. అయిదుకు చేరితే వెంటనే డాక్టరును పిలవాలని ఆ పట్టిక చెబుతుంది. రెండింటికి ఇదే రోగి సున్నా దగ్గర ఉంది.

ఇప్పుడు షీటు తీద్దాం. సంపూర్ణతకు 40, కచ్చితత్వానికి 30, ప్రాధాన్యానికి 30 అనుకుందాం. నాలుగో బెడ్ రోగికి ఏడున్నరకు రెగ్యులర్ ఇన్సులిన్ 8 యూనిట్లు పడింది, కానీ ఆమె రెండు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టేసింది. ఆ ముక్క రిపోర్టులో లేదు. అక్కడ నాలుగు మార్కులు పోయాయి, 36. చెప్పిన అంకెలు షీటుతో సరిపోయాయి. హెర్నియా రోగి నొప్పి ఇంజెక్షన్ టైము ఒక్కటి తేడా వచ్చింది, 28. ప్రాధాన్యం దగ్గర, ఏడో బెడ్‌ను ప్రస్తావించింది కదా అని ఉదారంగా 18 వేశారు. మొత్తం 82. ఫస్ట్ క్లాసు!

ఇక్కడే నాకు అభ్యంతరం. ఆ రిపోర్టు విన్న సిస్టర్ ముందు రెండో బెడ్ దగ్గర ఆ అబ్బాయి గొడవ తీర్చి, నాలుగో బెడ్ దగ్గర డ్రెస్సింగ్ చూసి, ఏడో బెడ్ చేరేసరికి చాలా సమయం గడిచిపోవచ్చు. ఆ ఆలస్యానికి 82లో చోటే లేదు.

తప్పు రెండు చోట్ల ఉంది. ఒకటి కచ్చితత్వాన్ని అంకెలకే పరిమితం చేయడం. నూటపది నిజమే. కానీ 'స్టేబుల్' అన్నది అబద్ధం. ఆమె అబద్ధమాడాలనుకోలేదు, రోజూ వినే మాట నోటికొచ్చింది అంతే. 'డాక్టరు గారు చూశారు' అన్నదీ నిజమే, కానీ ఆయన చూసింది మూడింటికి, మార్పు మొదలు కాకముందు. టైము లేకుండా ఆ మాట వింటే అవతలివాళ్లు నిశ్చింతగా కూర్చుంటారు. అందుకే రోగి పరిస్థితిని తేల్చి చెప్పే ప్రతి మాటనూ దాని వెనకున్న అంకెలతో పోల్చి మార్కు వేయాలి. అలా చూస్తే ఆ 28 నిలవదు.

రెండోది, అన్నిటినీ కలిపి కూడటం. వార్డులో అందరికంటే ప్రమాదంలో ఉన్న రోగి అలా ఉందని రిపోర్టులో తెలియకపోతే, మిగతా ఎన్ని వచ్చినా ఆ రిపోర్టు పాస్ కాకూడదు. ఈ నిబంధన షీటు పైనే ఉండాలి. అమెరికా, కెనడాల్లోని తొమ్మిది ఆస్పత్రుల్లో జూనియర్ డాక్టర్ల మీద ప్రయత్నించిన ఐ-పాస్ పద్ధతి కూడా మొదటి అక్షరాన్ని రోగి ఎంత ప్రమాదంలో ఉన్నారన్న దానికే కేటాయించింది. జబ్బు పేరు, చరిత్ర దాని తర్వాతే. ఆ ఆస్పత్రుల్లో వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో ప్రచురించారు. వాళ్లు డాక్టర్లు, ఒక్క పద్ధతితోపాటు శిక్షణా ఇచ్చారు, కాబట్టి ఆ అంకెను మన నర్సింగ్ వార్డుకు నేరుగా తెచ్చుకోలేం. వరుస మాత్రం తెచ్చుకోవచ్చు.

ఈ నిబంధనకు ఒక చిక్కుంది. ఫెయిలవుతామన్న భయంతో పిల్లలు ప్రతి బెడ్‌నూ 'సీరియస్' అనేస్తారు. అందరూ సీరియస్ అయితే ఎవరూ కానట్టే. కాబట్టి అకారణంగా లేపిన అలారానికీ మార్కు తగ్గాలి.

ఇంకొక చిక్కు వినేవాళ్లతో. అనుభవమున్న సిస్టర్ 'నూటపది' వినగానే ఆగి, "ఆరు గంటల్లోనా? పల్స్ ఎంత?" అని అడుగుతుంది. విషయం బయటికొస్తుంది, ఓవర్ చక్కగా జరిగినట్టు కనిపిస్తుంది. ఆ ఘనత అడిగిన సిస్టర్‌ది. మొదటి ప్రశ్న పడిన చోట షీటు మీద ఒక గీత గీయాలి. గీతకు పైన ఉన్నదే విద్యార్థిని మార్కు.

ఇలాంటి ఓవర్ నిజంగా వార్డులో జరుగుతుంటే ఇన్‌చార్జి మౌనంగా మార్కులు వేస్తూ నిలబడకూడదు. ఏడో బెడ్ లెక్క చూసిన క్షణాన్నే డ్యూటీ డాక్టరును పిలవాలి. పరీక్ష ఆగితే ఆగనివ్వండి. అసలు ఏడున్నరకే ఆ అమ్మాయి పిలిచి ఉండాల్సింది, దాని గురించి విడిగా మాట్లాడాలి.

అదే రిపోర్టు ఇలా ఉండొచ్చు: "సిస్టర్, ముందు ఏడో బెడ్ చూడండి. హిస్టరెక్టమీ, మొదటి రోజు. ఆరు గంటల్లో యూరిన్ నూటపదే, గొట్టం మెలిపడలేదు. పల్స్ 88 నుంచి 112కి పెరిగింది, బీపీ 124 నుంచి 108కి దిగింది. డాక్టరు గారు మూడింటికి చూశారు, ఆ తర్వాత రాలేదు. 7.40కి ఫోన్ చేశాను, వస్తున్నారు. తర్వాత నాలుగో బెడ్, ఇన్సులిన్ పడింది కానీ అన్నం తినలేదు, ఇప్పుడే ఒకసారి షుగర్ చూడాలి."

ఇద్దరు ఇన్‌చార్జిలు విడివిడిగా మార్కులు వేస్తే సంపూర్ణత, కచ్చితత్వాల్లో పెద్దగా తేడా రాదు, ప్రాధాన్యం దగ్గరే వాదన వస్తుంది. 'షుగర్ పడిపోతే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది, పైగా గ్లూకోజ్ ఇస్తే సరిపోయే పని, నాలుగే ముందు' అని ఒకరు అనవచ్చు. ఆ మాటలో పస ఉంది. అందుకే వరుసకు కాక, చెప్పిన కారణానికి మార్కు ఉండాలి. నాలుగును ముందు పెట్టి ఎందుకో చెప్పి, వెంటనే ఏడుకు వచ్చిన అమ్మాయికి దాదాపు పూర్తి మార్కులు వేయొచ్చు. 'పెద్ద ఆపరేషన్ కదా' అని మాత్రమే ఏడును ముందు పెట్టిన అమ్మాయికి, వరుస సరైనదే అయినా, సగం దాటకూడదు.