చెవికి బిరడా పెట్టే ముందు

రేకులు కోసే ప్రెస్ షాపులోకి వెళ్తే డై దెబ్బతో పాటు చెవిని కోసేది గాలి గొట్టం. కోసిన ముక్కను డై మీద నుంచి ఎగరగొట్టడానికి బిగించిన ఆ సన్నటి గొట్టం స్ట్రోకు స్ట్రోకుకీ బుస కొడుతుంది. చేతి దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడ శబ్దం 85 డెసిబెల్స్ దాటే ఉంటుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని పరిశోధించే నియోష్ సంస్థ 8 గంటల పనికి పెట్టిన హద్దు అదే. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగానికి తగ్గాలి. 100 దగ్గర నిలబడదగ్గది పావుగంటే.

ఇలాంటి చోట యజమాని మొదట చేసే పని ఇయర్ ప్లగ్‌లు పంచడం. భద్రతా నిపుణుల వరుసలో అది ఆఖరి మెట్టు. మొదటి మెట్టు ప్రమాదాన్నే లేకుండా చేయడం. వెనక్కి వంచే వీలున్న ప్రెస్సయితే, మెషిన్ ఆపి, వంచి బిగిస్తే చాలా ముక్కలు వాటి బరువుకే జారి వెనక పడతాయి. ఇక గాలితో పనే లేదు, బుస కూడా ఉండదు.

ముక్క మరీ తేలికై డైకి అంటుకుంటుంటే గాలి తప్పదు. అప్పుడు రెండో మెట్టు, మార్పిడి. తెరిచిన గొట్టం తీసేసి చప్పుడు తగ్గించే నాజిల్ పెట్టి, గాలి ఒత్తిడిని పనికి చాలినంతకు దించాలి. దీనితోనే సుమారు 10 డెసిబెల్స్ తగ్గవచ్చు.

మూడోది అడ్డుకట్ట. ముక్కలు పడే ఇనుప డబ్బాకు లోపల రబ్బరు అతికించడం, కంప్రెసర్‌ను గోడ అవతలికి మార్చడం, మెషిన్ చుట్టూ గూడు కట్టడం. ఈ గూడు దగ్గరే చాలామంది మోసపోతారు. గోడలు ఎంత మందమైనా, వాటి విస్తీర్ణంలో నూరో వంతు సందు మిగిలితే తగ్గింపు 20 డెసిబెల్స్ దాటదు. కేబుల్ కోసం వదిలిన కంత చాలు, ఖర్చంతా వృథా.

నాలుగోది పని ఏర్పాట్లు: మనుషుల్ని మార్చి మార్చి నిలబెట్టడం, ఏటా వినికిడి పరీక్ష. సగం షిఫ్టే పనిచేస్తే లెక్కలో 3 డెసిబెల్సే తగ్గుతాయి. నా దృష్టిలో ఇది హానిని పంచడమే.

చివరికి ప్లగ్. 30 డెసిబెల్స్ ఆపే ప్లగ్‌ను 8 గంటల్లో అరగంట తీసేస్తే, రోజు మొత్తానికి మిగిలే రక్షణ దాదాపు 12. చెమటకు దురద పుట్టి తీసినా, సూపర్‌వైజర్ పిలుపు వినడానికి తీసినా అంతే. పైగా నురగ ప్లగ్‌ను సన్నగా నలిపి, చెవిని పైకి లాగి, లోపలికి దోపి, ఉబ్బేదాకా పట్టుకోవాలని నేర్పేవారు తక్కువ.

ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. ప్లగ్‌ల పెట్టె కొనాలనుకుంటున్న యజమానులు ముందు ఒక్క షిఫ్టు ఆ గాలి వాల్వు కట్టేసి, ప్రెస్సును వంచి చూడండి.