యాడ్ ఆపాలా, మార్చాలా?

ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో సొంతంగా యాడ్లు వేసుకునే చిన్న వ్యాపారుల్లో కొందరు పొద్దున మొదలుపెట్టి, ఆర్డర్లు రాలేదని సాయంత్రానికే ఆపేస్తారు. ఇంకొందరు ‘రేపు చూద్దాం’ అంటూ నెలాఖరుదాకా లాగుతారు. ఎక్కడ ఆపాలో చెప్పే అంకె ఇద్దరి దగ్గరా ఉండదు. దాన్ని యాడ్ మొదలుపెట్టకముందే రాసిపెట్టుకోవాలి.

ఆవకాయ, గోంగూర పచ్చళ్లు ఇంట్లో పట్టి కొరియర్‌లో పంపే ఒక కుటుంబం ఉందనుకుందాం. సగటు ఆర్డరు 900 రూపాయలు. సరుకులు, సీసాలు, ప్యాకింగ్, కొరియర్ పోగా 300 మిగులుతుంది. ఒక ఆర్డరు కోసం యాడ్ మీద అంతకన్నా ఎక్కువ పెడితే చేతి చమురు వదిలినట్టే.

యాడ్ పెట్టారు, 300 అయిపోయింది, ఒక్క ఆర్డరూ లేదు. అప్పుడే ఆపకూడదు. సగటున 300కి ఒక ఆర్డరు తెచ్చే యాడ్‌కైనా మొదటి 300లో ఏమీ రాకపోయే అవకాశం నూటికి 37 దాకా ఉంటుంది. ఆర్డర్లు గడియారం చూసుకుని రావు కదా. 600 దాకా ఏమీ రాకపోయే అవకాశం నూటికి 14కు తగ్గుతుంది. 900కు వచ్చేసరికి అది 5 మాత్రమే. అందుకే మిగులుకు మూడింతలు ఖర్చయినా బోణీ కాకపోతే ఆ యాడ్ ఆపెయ్యాలని నేను చెబుతాను. అంతకుముందు ఆపితే తొందరపాటు, ఆ తర్వాతా నడిపితే మొండితనం.

ఆర్డర్లు వస్తున్న యాడ్ విషయం వేరు. అది ఒక్కసారిగా కూలదు, మెల్లగా అరుగుతుంది. మన పచ్చళ్ల యాడ్‌కు వారానికి 4,200 ఖర్చు. మొదటి వారం అది 42,000 సార్లు కనిపించింది, నూటికి 1.8 చొప్పున 756 క్లిక్కులు వచ్చాయి, 21 ఆర్డర్లు పడ్డాయి. ఆర్డరుకు 200. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. రెండో వారం ఖర్చూ అంతే, కనిపించిన సార్లూ అంతే. క్లిక్కులు మాత్రం నూటికి 1.1కి పడిపోయి 462 అయ్యాయి, ఆర్డర్లు 13. ఆర్డరు ఖర్చు 323, నష్టం మొదలైంది.

ఈ సంగతి వారం చివర్లో డబ్బు లెక్క చూసుకుంటే తెలిసింది. కానీ యాడ్స్ మేనేజర్‌లో ఫ్రీక్వెన్సీ అనే అంకె ముందే చెబుతూ వచ్చింది. ఒక మనిషికి యాడ్ సగటున ఎన్నిసార్లు కనిపించిందో చెప్పే లెక్క అది. మొదటి వారం 1.4 ఉన్నది రెండో వారం 2.6కు ఎక్కింది. కొత్తవాళ్లు దొరకక, అదే వీడియో చూసినవాళ్లకే మళ్లీ మళ్లీ వెళ్తోంది. ఫ్రీక్వెన్సీ పెరుగుతూ, క్లిక్కుల శాతం మూడు నాలుగు రోజులు వరసగా తగ్గుతూ పోతే యాడ్ పాతబడిందని అర్థం. ఆపక్కర్లేదు. కొత్త వీడియో పెట్టాలి, లేదా ఇంకో ఊరి జనానికి చూపించాలి.

క్లిక్కులు తగ్గకుండా ఆర్డర్లు మాత్రమే తగ్గితే? ఇక్కడ చాలామంది యాడ్‌ను తిడతారు. కానీ జనాన్ని గుమ్మందాకా తీసుకొచ్చే పని అది చేస్తూనే ఉంది. అప్పుడు ఇంట్లో ఉన్న పాత ఫోన్ తీసుకుని, మొబైల్ డేటా మీద మీరే ఒక ఆర్డరు పెట్టి చూడండి. యూపీఐ దగ్గర ఆగిపోతుండొచ్చు. క్యాష్ ఆన్ డెలివరీ కనిపించకుండా పోయి ఉండొచ్చు. డెలివరీ చార్జీ చివరి పేజీలో హఠాత్తుగా బయటపడుతుండొచ్చు. అసలు ఆర్డర్లు వస్తూనే ఉండి, వాటిని లెక్కపెట్టే పిక్సెల్ కోడ్ మాత్రమే చెడిపోయి ఉండొచ్చు కూడా. మీ ఆర్డర్ల పుస్తకాన్ని యాడ్స్ మేనేజర్ అంకెతో పోల్చి చూస్తే అది తేలిపోతుంది.

ఏ రోజు అంకెలను బట్టి ఆ రోజే తీర్పు చెప్పకూడదు. ఇవాళ క్లిక్ చేసినవాళ్లు ఇంట్లో అడిగి ఎల్లుండి కొంటారు. చివరి రెండు మూడు రోజులు ఎప్పుడూ ఉన్నదానికంటే అధ్వాన్నంగానే కనిపిస్తాయి. పైగా యాడ్‌లో పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ అది ఎవరికి చూపించాలో మొదటి నుంచి నేర్చుకుంటుంది. ఆ నేర్చుకోవడం పూర్తవడానికి కొద్ది రోజుల్లోనే తగినన్ని ఆర్డర్లు రావాలి. వారానికి 20 వచ్చే వ్యాపారం అక్కడికి చేరడం కష్టం. కాబట్టి రోజూ బడ్జెట్టూ బొమ్మా కెలకడం ఇలాంటివాళ్లకు మరీ నష్టం.

యాడ్స్ మేనేజర్‌లో అసలే కనిపించని హెచ్చరిక ఒకటుంది. క్యాష్ ఆన్ డెలివరీ పార్సిళ్లు తిరిగి రావడం. 21 ఆర్డర్లలో 6 వెనక్కి వస్తే నిజంగా అమ్ముడైనవి 15. ఆర్డరు ఖర్చు 200 కాదు, 280. రానూపోనూ కొరియర్ ఖర్చు కలిపితే మిగులు ఇంకేముంటుంది? పార్సిల్ కట్టకముందు ఫోన్ చేస్తే ఎత్తనివాళ్లు, ‘నేను ఆర్డర్ పెట్టలేదే’ అనేవాళ్లు ఎక్కువవుతుంటే యాడ్ తప్పు జనానికి వెళ్తోందన్నమాట. ఫోన్లు చేసేది సాధారణంగా ఇంట్లో ఇంకెవరో, యాడ్ చూసుకునేది ఇంకెవరో. వాళ్లిద్దరూ వారానికోసారైనా మాట్లాడుకోకపోతే ఈ సంగతి నెల తర్వాత గానీ బయటపడదు.

వీడియో మార్చారు, ఊరు మార్చారు, పేజీ సరిచేశారు. రెండు కొత్త వీడియోలూ చెరో 900 తినేసి ఏమీ తేలేదు. మూడో వీడియో తియ్యకండి. ఆవకాయ కొనాలనుకున్నవాళ్లంతా ఎండాకాలంలోనే కొనేసుకుని ఉంటారు. ఆ యాడ్ ఆపేసి, ఆ డబ్బు గోంగూరకు దాచుకోవచ్చు.