పక్కకు తిరిగిపోయే దూలం

ఐఎస్‌ఎంబీ 400 అనే ఇనుప దూలం మన షెడ్లలో, మెజనైన్ అంతస్తుల్లో తరచూ కనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరం ‘ఐ’ ఆకారం. ఎత్తు 400 మిల్లీమీటర్లు, పైనా కిందా ఉండే ఫ్లాంజ్‌ల వెడల్పు 140 మిల్లీమీటర్లు, మీటరుకు దాదాపు 62 కిలోల బరువు. దీన్ని 8 మీటర్ల ఎడంలో ఉన్న రెండు ఆధారాల మీద పెట్టి, చివరలు దొర్లిపోకుండా బిగించి, పొడవునా సమానంగా బరువు వేశామనుకుందాం. కేవలం ఇనుము బలం చూసుకుంటే 18 టన్నుల దాకా మోయాలి. మధ్యలో ఎక్కడా ఆసరా లేకపోతే మాత్రం, మన ఐఎస్ 800 కోడ్ పద్ధతిలో లెక్క వేస్తే 5 టన్నులు దాటి పెట్టడానికి వీల్లేదు. ఇనుము అదే, పొడవు అదే, 13 టన్నులు మాత్రం తగ్గిపోయాయి.

ఎక్కడికి పోయాయో చూడాలంటే 30 సెంటీమీటర్ల పల్చటి స్టీలు స్కేలు చాలు. ఒక చివరను బల్ల అంచున గట్టిగా పట్టుకుని, పలక నిలువుగా ఉండేలా ముందుకు చాచి, రెండో చివర పై అంచు మీద వేలితో నొక్కండి. మొదట్లో కదలనే కదలదు. ఇంకాస్త నొక్కితే ఉన్నట్టుండి పక్కకు ఒరిగి, మెలితిరిగి, వేలి కింద నుంచి తప్పుకుంటుంది. వేలు తీసేస్తే మళ్లీ తిన్నగా నిలబడుతుంది. అంటే స్కేలు విరగలేదు, ఇనుము బలం అయిపోనూ లేదు. నిలువుగా మోయాల్సిన పలక పక్కకు తప్పుకుంది, అంతే. ఇంజినీర్లు దీన్ని లేటరల్ టార్షనల్ బక్లింగ్ అంటారు. 1899లో మ్యూనిక్‌లో లుడ్విగ్ ప్రాంట్ల్, ఆస్ట్రేలియాలో ఏ.జి.ఎం. మిచెల్ ఎవరికి వారుగా దీని లెక్క తేల్చారు. తర్వాత గాలి ప్రవాహాల శాస్త్రంలో అంత పేరు తెచ్చుకున్న ప్రాంట్ల్ డాక్టరేట్ మొదలైంది ఇలా ఒరిగిపోయే పలకలతోనే.

రెండు ఆధారాల మధ్య దూలం కిందికి వంగినప్పుడు దాని పై ఫ్లాంజ్ నొక్కుకుపోతుంది, కింది ఫ్లాంజ్ సాగుతుంది. నొక్కుడులో ఉన్న పై ఫ్లాంజ్‌ను విడిగా ఊహించుకుంటే అది పడుకోబెట్టిన సన్నటి స్తంభం. సన్నటి స్తంభాన్ని రెండు కొసలా నొక్కితే పక్కకు ఉబ్బుతుంది కదా, ఇదీ అదే పని చేయబోతుంది. పైకీ కిందికీ పోనివ్వకుండా మధ్యనున్న వెబ్ ఆపుతుంది. పక్కకు పోవడానికి మాత్రం అడ్డేమీ లేదు. కింది ఫ్లాంజ్ లాగుడులో ఉంది కాబట్టి, లాగి కట్టిన తాడులా తిన్నగా ఉండటానికే చూస్తుంది. పైది పక్కకు పోతుంటే కిందిది రాను అంటుంది. ఆ పెనుగులాటలోనే దూలం మెలితిరుగుతుంది.

లోతైన, సన్నటి దూలానికి ఈ జబ్బు ఎక్కువ. మనం తీసుకున్న దూలం పక్కకు వంగకుండా చూపే బిగువు కన్నా కిందికి వంగకుండా చూపే బిగువు 33 రెట్లు ఎక్కువ. తక్కువ ఇనుముతో ఎక్కువ బరువు మోయించాలని లోతు పెంచుతూ పోతాం. లోతుతో పెరిగేది నిలువు బిగువే, పక్క బిగువు ఉన్నచోటే ఉంటుంది.

ఇప్పుడు ఆ 8 మీటర్ల దూలానికి నట్టనడుమ, పై ఫ్లాంజ్ పక్కకు కదలకుండా ఒక్క చోట పట్టేద్దాం. నొక్కుడులో ఉన్న స్తంభం పొడవు 8 నుంచి 4 మీటర్లకు తగ్గింది. మోయగల బరువు 5 టన్నుల నుంచి 10కి చేరుతుంది. రెండేసి మీటర్లకు ఒకటి చొప్పున మూడు చోట్ల పడితే 15 టన్నులు దాటుతుంది. కిందికి ఎంత సాగుతుందన్నది వేరే లెక్క, అక్కడికి వచ్చేసరికి సాధారణంగా అదే అడ్డుపడుతుంది. మొదటి ఆసరాతో బరువు రెట్టింపయింది, తర్వాతి రెండూ కలిసి అంతే కలిపాయి. ఆ పైన ఎన్ని పెట్టినా మిగిలింది రెండు మూడు టన్నులే.

ఆసరాకు పెద్ద బలమేమీ అక్కర్లేదు. 10 టన్నులు మోసే స్థితిలో, భద్రత కోసం కోడ్ కలిపే అదనంతో సహా, పై ఫ్లాంజ్‌లో పుట్టే నొక్కుడు సుమారు 40 టన్నులు. అందులో రెండున్నర శాతాన్ని ఆసరా తట్టుకోవాలని ఐఎస్ 800 చెబుతుంది. అంటే ఒక టన్ను. ఉబ్బు ఇంకా మొదలయ్యే చోటనే పట్టుకుంటున్నాం కాబట్టి చిన్నపాటి యాంగిల్, రెండు బోల్టులు సరిపోతాయి. కాకపోతే ఆ యాంగిల్ రెండో చివర కదలని దేనికో అందాలి. వరుసగా నాలుగు దూలాల పై ఫ్లాంజ్‌లను ఒకదానికొకటి కట్టి, ఆ కట్టును గోడకో స్తంభానికో అందించకపోతే నాలుగూ కలిసి ఒకే పక్కకు ఒరుగుతాయి.

స్లాబ్ కిందున్న దూలానికి స్లాబే ఆసరా కదా అంటారు. గట్టిపడి, దూలానికి పట్టి ఉన్న స్లాబ్ అయితే నిజమే. పచ్చి కాంక్రీటు మాత్రం బరువు పెడుతుందే తప్ప పట్టుకోదు. ఊరికే పరిచిన ప్లైవుడ్ షట్టరింగ్ కూడా అంతే. అందుకే కాంక్రీటు పోసే రోజు ఇలాంటి దూలానికి గండం.

అన్నిటికన్నా ఎక్కువగా పొరపాటు జరిగేది ఏ ఫ్లాంజ్‌ను పట్టుకోవాలన్న దగ్గర. 1988 ఏప్రిల్ 23న కెనడాలోని బర్నబీలో ఒక సూపర్ మార్కెట్ ప్రారంభమైంది. దాని పైకప్పే కార్ల పార్కింగ్. ఆ రోజే ఒక దూలం లొంగిపోయి కప్పులో కొంత భాగం కార్లతో సహా దుకాణంలోకి కూలింది. ముందే చప్పుళ్లు విని జనాన్ని బయటికి పంపడంతో ప్రాణనష్టం తప్పింది. ఆ దూలం స్తంభం నెత్తి మీదుగా అవతలికి సాగింది. అలాంటి చోట వంపు తలకిందులవుతుంది, పైది సాగుతుంది, కిందిది నొక్కుకుపోతుంది. పై ఫ్లాంజ్‌ను కప్పు పట్టుకునే ఉంది. స్తంభం దగ్గర కింది ఫ్లాంజ్‌ను పక్కల నుంచి పట్టుకున్నది లేదు. దూలం కూడా ఉండాల్సినంత బరువైనది కాదు.

మన కోస్తాలో ఇదే సంగతి తుపాను రూపంలో వస్తుంది. రేకుల షెడ్డు కప్పు తేలిక. మామూలు రోజుల్లో రాఫ్టర్ నడిమి భాగంలో నొక్కుడు పై ఫ్లాంజ్‌దే, దాన్ని పర్లిన్లు పట్టుకుంటాయి. పెనుగాలి కప్పును పైకి లాగినప్పుడు కప్పు బరువును మించిన లాగుడు వస్తే, నొక్కుడు కింది ఫ్లాంజ్‌కు మారుతుంది. అక్కడ పర్లిన్లు లేవు. దీని కోసమే పర్లిన్ నుంచి రాఫ్టర్ కింది ఫ్లాంజ్‌కు ఏటవాలుగా చిన్న యాంగిళ్లు వేస్తారు, వాటిని ఫ్లై బ్రేస్‌లంటారు. అవి లేకపోయినా గాలి లేని రోజున షెడ్డు చక్కగా నిలబడుతుంది కాబట్టి, పని ముగించే తొందరలో ముందు ఎగిరిపోయేవి అవే. కొన్ని షెడ్లలో తర్వాత డక్టులు వేసేవాళ్లు అడ్డొచ్చాయని విప్పేస్తారు. షెడ్డు లోపల నిలబడి తలెత్తి చూస్తే తెలిసిపోతుంది. రాఫ్టర్ కింది ఫ్లాంజ్ దగ్గర ఏటవాలు యాంగిళ్లు లేకుండా, వాటికని వేసిన రంధ్రాలు బోల్టుల్లేక ఖాళీగా ఉంటే, డ్రాయింగులో ఉన్న బ్రేస్‌లు షెడ్డులోకి రాలేదన్నమాట.